గోడకు అవతలి లెక్కలు

ముందుగా వినిపించింది డ్రిల్లు మోత. చూడటానికి ఏమీ లేదు. సున్నం వేసిన గోడ, గోడ మీద ఊగుతున్న పటం, అంతే. ఆ మోత గోడలోంచి వచ్చి, నల్లబల్ల మీదికి పాకి, సమీకరణం రాస్తున్న లెక్కల టీచరు వేళ్లలో సుద్దముక్కను సన్నగా వణికించింది.

"స్క్రూ బ్యాచీ మొదలెట్టింది రా," అన్నారెవరో వెనక బెంచీలోంచి.

తరగతి నవ్వింది. టీచరు నవ్వలేదు.

గోడకు అవతల, ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసిన గదిలో, అదే తొమ్మిదో తరగతిలో సగం మంది వైరింగు నేర్చుకుంటున్నారు. కొత్త జాతీయ విద్యావిధానం ప్రతి విద్యార్థికీ సెకండరీ స్థాయిలోనే ఒక వృత్తివిద్య అందాలన్నది. చేతిపనికీ చదువుకూ మధ్య గోడ ఉండరాదన్నది. ఆ వాక్యం చదివిన రోజు టీచరు పొంగిపోయింది. బడి తెరిచాక చూస్తే ఆ వాక్యానికి ఇటుకలు మొలిచాయి. ఎనిమిదిలో లెక్కల మార్కులు తగ్గినవాళ్లందరినీ ఒక సెక్షనుగా విడదీశారు. వాళ్లకు వైరింగు ఇచ్చారు. లెక్కలు తీసేశారు.

విరామంలో ఆ సెక్షను నుంచి ఒక అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ప్రతి మాటకూ ఎదురు ప్రశ్న వేస్తుందని బడి మొత్తం ఆమెను కొర్రీ అనే పిలుస్తుంది. ముక్కు మీద సున్నపు పొడి, జేబులో టెస్టరు.

"టీచర్, ఒక డౌటు."

"ఒకటేనా?"

"ఇప్పటికి ఒకటే. మోటారు బోరు దగ్గరుంది, స్విచ్చి ఇంట్లో ఉంది. తీగ పొడుగయ్యేకొద్దీ మోటారుకు అందే వోల్టేజీ పడిపోతుందన్నారు మా మాస్టారు. అంత దూరానికి ఎంత లావు తీగ వెయ్యాలో పట్టిక చూసి చెప్పారు. ఆ పట్టిక ఎవరు తయారుచేశారు? ఎట్లా?"

"సూత్రంతో."

"అదే అడిగాను. సూత్రం లెక్కల క్లాసులో చెబుతారన్నారు. లెక్కల క్లాసు గోడ అవతలుంది. నేను ఇటుపక్కనున్నాను."

ఆమె నవ్వుతూనే అన్నది. కానీ కళ్లు నల్లబల్ల మీదే ఉన్నాయి, ఆకలిగా. టీచరు రెండు పంక్తులు రాసి చూపించింది. కొర్రీ వాటిని పెదవులు కదుపుతూ చదువుకొని, నిష్పత్తిని తిరగేసి, రెండో పంక్తికి తానే మూడో పంక్తి చేర్చింది. సరిగ్గానే చేర్చింది.

"నాకు పాలిటెక్నిక్‌లో చేరాలనుంది టీచర్. మోటార్లు గీసే కోర్సు. లెక్కలు లేకపోతే ఫారం కూడా ఇవ్వరట కదా?"

ఆ అమ్మాయి విన్నది నిజమే. పరీక్షల బోర్డుకు పిల్లల పేర్లూ, వాళ్లు రాసే సబ్జెక్టులూ నెలాఖరులో పంపాలి. ఒకసారి వెళ్లాక మార్పు ఉండదు. లెక్కలు లేకుండా వెళ్లిన పేరుకు ఆ తలుపు మూసుకున్నట్లే.

అదే వారం హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది.

"మన బడిలో వృత్తివిద్య ఎట్లా సాగుతోందో జిల్లా ఆఫీసువాళ్లు విశ్లేషణ పంపమన్నారమ్మా. సమీక్షా సమావేశంలో చదవాలి. నువ్వు భాష బాగా రాస్తావు. నాలుగు మంచి మాటలు రాసెయ్యి."

"మంచి మాటలా, నిజం మాటలా మేడమ్?"

"రెండూ ఒకటే అయ్యేట్టు రాయి. అందుకే కదా నిన్ను పిలిచింది."

టీచరు బోర్డు నియమావళి తెరిచింది. అందులో ఒక నియమం ఉంది: వృత్తివిద్యను అదనపు సబ్జెక్టుగా రాసిన విద్యార్థి లెక్కల్లో తప్పితే, ఆ వృత్తివిద్య మార్కులను లెక్కల స్థానంలో పరిగణించి ఉత్తీర్ణత ప్రకటించవచ్చు. ఆమె దాన్ని మళ్లీ చదివింది. తప్పితే. అంటే ముందు రాయాలి. అది తాడు మీంచి పడ్డవాణ్ణి పట్టుకొనే వల. ఈ బడి ఆ వలను చూసి, అయితే ఇక తాడెక్కడం ఎందుకని, తాడునే కోసేసింది.

ఆ నియమం పట్టుకొని ఆమె టైంటేబుల్ మాస్టారి దగ్గరకు వెళ్లింది. ఆయన సాంఘిక శాస్త్రం చెబుతారు. కానీ ఆయన ప్రాణమంతా స్టాఫ్‌రూములోని అట్ట మీద ఉంటుంది. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు బిళ్ల. ఆయన సర్వీసు మొత్తంలో ఒక టీచరు ఒకేసారి రెండు తరగతుల్లో ఉండవలసిన అవస్థ ఎన్నడూ రాలేదని ఆయనకు మహా గర్వం.

"వైరింగుకు ఎదురుగా లెక్కలెందుకు పెట్టారు మాస్టారూ?"

"దాని బదులు ఇది అని రాశారు కదమ్మాయ్! బదులు అంటే ఒకే గడి. హిందీకి ఎదురుగా సంస్కృతం పెట్టనూ? ఇదీ అంతే."

"ఇది ఫలితం వచ్చాక బదులు మాస్టారూ. పాఠం చెప్పకముందే బదులు కాదు."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకొని చదివారు. ఆయన మొహం మెల్లగా మారింది. కానీ వెంటనే ఒప్పుకుంటే ఆయన టైంటేబుల్ మాస్టారే కాదు.

"సరే, పొరపాటే అనుకో. వైరింగు ఆయన రెండు బళ్లకు ఒక్కడు. మనకు పొద్దుటిపూట మాత్రమే వస్తాడు. లెక్కలు పొద్దున్నే చెప్పాలని నువ్వే గొడవ చేశావు. ప్రాక్టికల్‌కు రెండు పీరియడ్లు కలిపి కావాలి. ఇప్పుడు చెప్పు తల్లీ, బిళ్లలు నావి, బుర్ర నీది. ఎక్కడ పెట్టమంటావు?"

ఆమె ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకున్నది. ఆ ప్రశ్నే ఆమె విశ్లేషణకు వెన్నెముక అయింది. తప్పు ఒక్క బడిది కాదు. విధానం సమాన గౌరవం అన్నది. బోధకుణ్ణి మాత్రం గంటల లెక్కన, రెండు బళ్లకు ఒకణ్ణి ఇచ్చింది. గోడ వద్దన్నది, గోడ కట్టకుండా ఉండటానికి కావలసిన గదిని, మనిషిని, వేళను ఇవ్వలేదు.

ముసాయిదా చదివిన హెడ్‌మిస్ట్రెస్ తల పట్టుకున్నది.

"వీళ్లందరి చేతా లెక్కలు రాయిస్తే మన పాస్ శాతం ఏం కావాలి?"

"ఏమీ కాదు మేడమ్. తప్పినా వైరింగు ఆదుకుంటుంది. నియమం ఉన్నదే అందుకు. మనం భయపడి వదిలేసింది మనల్ని కాపాడే దాన్నే."

హెడ్‌మిస్ట్రెస్ నియమావళిలో ఆ పంక్తిని తానే ఒకసారి చదువుకున్నది. తర్వాత సంతకం పెట్టింది. "చదివేటప్పుడు నా వంక చూడకు. నవ్వొస్తుందో, ఏడుపొస్తుందో నాకే తెలియదు," అన్నది.

సమీక్షా సమావేశం జిల్లా విద్యాశాఖ హాలులో జరిగింది. గోడ వెంబడి పిల్లలు చేసిన నమూనాలు పెట్టారు. కొర్రీ తన బోర్డు పక్కన నిలబడింది: రెండు స్విచ్చులు, ఒక బల్బు, మెట్ల కింద వేసి మెట్ల పైన ఆపే ఏర్పాటు. వెనక వరుసలో ఆమె తల్లి కూర్చున్నది. దర్జీ పని చేస్తుందామె. మెడలో కొలత టేపు తీయడం మరచిపోయి వచ్చింది.

సమీక్షాధికారిణి బల్బు వెలిగించి, ఆర్పి, మెచ్చుకున్నది.

"భేష్. ఇక మీ ఊళ్లో ఏ ఇంట్లో కరెంటు పోయినా నిన్నే పిలుస్తారు."

"పిలిస్తే వెళ్తానండీ. కానీ ఆ ఇంటి బోరు మోటారు ఎందుకట్లా చేశారని కూడా నాకు అడగాలనుంది. చేసేవాళ్లను అడగాలంటే లెక్కలు రావాలి. మాకు లెక్కలు తీసేశారండీ."

హాలు గతుక్కుమన్నది. తల్లి లేచి నిలబడింది.

"అమ్మా, తప్పుగా మాట్లాడితే మన్నించండి. పని నేర్పుతున్నారంటే మురిసిపోయాం. నేనూ పనిదాన్నే. కానీ కొలత తెలియకుండా గుడ్డ కోయమని నేను నా కూతురికి చెప్పను. మీరెట్లా చెప్పారు?"

అధికారిణి హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగింది. హెడ్‌మిస్ట్రెస్ లెక్కల టీచరు వైపు తిరిగింది. టీచరు లేచి చదివింది. వెనకబడ్డవాళ్లకే చేతిపని అన్నప్పుడు చేతిపనికీ అవమానమే, వాళ్లకూ అవమానమే అన్నది. ఫలితం తర్వాతి నియమాన్ని పాఠం ముందుకు తెచ్చిన తమ బడి పొరపాటును దాచకుండా చెప్పింది. బోధకుల కొరతనూ దాచలేదు.

"నియమం మీరు చెప్పినట్లే ఉంది," అన్నది అధికారిణి కాగితాలు తిప్పుతూ. "లెక్కలు తీసేయమని ఎవరూ అనలేదు. కానీ ఇంకో బోధకుణ్ణి ఈ ఏడు ఇవ్వలేను. పై వాళ్లకు రాస్తాను, అది వచ్చే ఏటి మాట. నెలాఖరులోగా ఉన్న ఒక్కడితోనే వేళ కుదిరితే ఈ పిల్లల పేర్లు లెక్కలతో వెళ్తాయి. కుదురుతుందా?"

అప్పుడు లేచారు టైంటేబుల్ మాస్టారు. చంకలో అట్ట ఉంది. ఆయన దాన్ని తెచ్చిన సంగతి టీచరుకు కూడా తెలియదు.

"మా వైరింగు ఆయన మధ్యాహ్నం వెళ్లే బడి ఏదండీ? ఆ బిళ్లలు పెట్టేవారు ఎవరో ఒకసారి ఇటు రండి."

ముందు వరుసలోంచి ఒక పెద్దావిడ లేచింది. "నేనే. ఏం, నా మనిషిని లాక్కుందామనా?"

"మార్చుకుందామని. మధ్యాహ్నం ఆయనతో మీకు సుఖంగా ఉందా?"

"సుఖమా! మా వర్క్‌షాపు మీద రేకులు, అన్నయ్యగారూ. మధ్యాహ్నం లోపలికెళ్తే పిల్లలు అప్పడాల్లా వేగుతారు."

"మీకు పొద్దున లెక్కలున్నాయా?"

"భాషలున్నాయి. వాటిని ఎటైనా జరుపుతాను."

"అయితే పొద్దుటిపూట తీసుకోమ్మా. మీ మధ్యాహ్నం నాకిచ్చెయ్. మాది చల్లని గది."

"శుక్రవారం ఇవ్వను. ఆ రోజు పొద్దున ఆటలుంటాయి, జరిపితే నా ఆటల మాస్టారు అలుగుతాడు."

"అయితే ఆయన్ని అలగనివ్వం, శుక్రవారం మా దగ్గర పొద్దున్నే ఉంచుతాను. ఆ ఒక్క రోజూ లెక్కలు సాయంత్రం చెబుతుంది మా అమ్మాయి. చెబుతావా?" అని టీచరు వైపు తిరిగారు.

"అర్ధరాత్రి చెప్పమన్నా చెబుతాను మాస్టారూ!"

బిళ్లలు లేచాయి, బిళ్లలు దిగాయి. హాలంతా చుట్టూ మూగింది. అధికారిణి కుర్చీ వదిలి వచ్చి వంగి చూసింది. శుక్రవారం తప్ప, చివరి రెండు పీరియడ్లలో వైరింగు పచ్చగా కుదురుకున్నది. పొద్దుటి వరుసలో లెక్కల ఎరుపు ఇరు సెక్షన్ల మీదుగా ఒక్క గీతలా సాగింది. మాస్టారు ఆఖరి బిళ్ల చేతిలో పట్టుకొని ఆగారు.

"ఇంకొకటి. ఇక రెండు సెక్షన్లుండవు. లెక్కలు అందరికీ. వైరింగూ అందరికీ, వారం మార్చి వారం. గదిలో సగం మందే పడతారు కాబట్టి మిగతా సగం ఆ వేళ లైబ్రరీలో."

"అంటే మొదటి మార్కుల పిల్లలు కూడా స్క్రూలు బిగించాలా?" అని ఎవరో అడిగారు.

"బిగిస్తే వాళ్లకూ కొంచెం బిగువు వస్తుంది," అన్నారు మాస్టారు. ఆఖరి బిళ్ల టక్కుమని కూర్చున్నది. హాలు చప్పట్లతో మారుమోగింది.

ఆ నెలాఖరున బోర్డుకు పేర్లు లెక్కలతోనే వెళ్లాయి.

మర్నాడు పొద్దున తరగతి గదిలో బెంచీలు చాలలేదు. స్టాఫ్‌రూము నుంచి మోసుకొచ్చారు. ఇరుకుగా, భుజం భుజం తగులుతూ కూర్చున్నారు. వెనక బెంచీ కుర్రాడు, "ఇటు జరగవే, రేపు మీ గదిలో నాకు డ్రిల్లు పట్టుకోవడం నేర్పాలి," అంటూ కొర్రీకి చోటిచ్చాడు.

"ముందు స్క్రూకు ఏ పక్క తలో చెప్పు," అన్నది కొర్రీ. తరగతి ఘొల్లుమన్నది. ఈసారి టీచరు కూడా నవ్వింది.

ఆమె హాజరు పట్టీ తెరిచింది. పాత పేర్ల కింద కొత్త పేర్లు, తడి ఆరని సిరాలో. వరుసగా పిలుస్తూ వచ్చి, ఒక పేరు దగ్గర ఆగి, తలెత్తి కొర్రీని చూసింది. లెక్కల తరగతిలో ఆ పేరు ఈ ఏడాది ఎవరూ పలకలేదు. గోడ దాటి వినపడేలా, గొంతెత్తి పిలిచింది:

"తరళ!"