మూడు, రెండు, ఆ తర్వాత

ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యంగా వస్తుందో మైకులో చెప్పడం అతని ఉద్యోగం. బస్టాండులో గాని ఊళ్ళో గాని అతని పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ అతను మైకాయనే. ఉద్యోగం తిండి పెట్టింది గాని నలుగురిలో గౌరవం తెచ్చిపెట్టింది మాత్రం పోటీలు. పాటల పోటీ అయినా, పాడి పశువుల పోటీ అయినా, పిల్లల చేతిరాత పోటీ అయినా గెలిచినవాళ్ళ పేర్లు చదవాల్సి వస్తే అతనికే కబురు వచ్చేది.

పేర్లు చదవడానికి ఏముంది, కళ్ళుంటే చాలదా అని తీసిపారేసినవాళ్ళు కూడా అతను చదవగా ఒక్కసారి విన్నాక నోరు మూసుకున్నారు. అతనికి కొన్ని పట్టింపులున్నాయి. ఎవరూ నేర్పినవి కావు, జనం ముఖాలు చూసి చూసి నేర్చుకున్నవి. బహుమతి రానివాళ్ళకు చెప్పాల్సిన మంచిమాట పేర్లకన్నా ముందే చెప్పెయ్యాలి. అప్పటికి ఓడిందెవరో ఎవరికీ తెలీదు కాబట్టి ఆ మాట అందరి మీదా సమానంగా పడుతుంది, ఏ ఒక్కరి ముఖం మీదా పడదు. ఆ తర్వాత బహుమతులు ఎన్నో చెప్పాలి, నాలుగోది కూడా ఉందేమోనని ఎవరూ ఆశపడకుండా. అప్పుడు కిందినుంచి పైకి రావాలి. స్థానం చెప్పి, ఒక్క ఊపిరి ఆగి, పేరు. మూడో బహుమతికి ఎంత ఆగితే మొదటిదానికీ ఇంచుమించు అంతే. మరీ సాగదీస్తే అది ఉత్కంఠ కాదు, చిత్రహింస. వచ్చినవాళ్ళు బహుమతి అందుకుని కిందికి దిగి, చప్పట్లు చల్లారాకే తర్వాతిది ఎత్తుకోవాలి. లేకపోతే మూడోవాళ్ళ చప్పట్లను రెండోవాళ్ళు తొక్కేస్తారు. ఇక చదివేంతసేపూ చూపు వెనక గోడ మీదే ఉండాలి. పోటీకి వచ్చిన ఏ మనిషి వైపూ పోకూడదు.

"వాడు స్థానం చెప్పి పేరు చెప్పేలోపల నేను గడ్డం గీసుకుని రావచ్చు" అని బావ ఎగతాళి చేసేవాడు. అయినా ఏ పోటీకైనా ముందు వరసలో కూర్చునేది బావే.

బావ అంటే పెద్దక్క భర్త. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఆమె దర్జీ. బజారు మలుపులో ఇరుకు కొట్టు, ఒక మిషను, గోడ పొడవునా తగిలించిన చొక్కాలు. మొదటిసారి మైకు ముందు నిలబడ్డ రోజు అతని ఒంటి మీద ఉన్నది ఆమె కుట్టిన చొక్కాయే.

దర్జీల సంఘం ఏటా పోటీ పెడుతుంది. అందరికీ ఒకటే గుడ్డ, ఒకటే కొలతలు, కాలరున్న చొక్కా. పొద్దున కత్తెర పట్టి సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. అక్క ఇంతకుముందు వెళ్ళి ఒకసారి మూడో బహుమతీ, ఒకసారి రెండోదీ తెచ్చుకుంది. మొదటిది ఒక్కసారైనా రావాలని ఆమె మనసులో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఏనాడూ పైకి అనలేదు. ఈ ఏడు వెళ్ళనంది. సూదిలో దారం ఎక్కించడానికి కూతుర్ని పిలవాల్సి వస్తోందనీ, కళ్ళు మునుపటిలా లేవనీ, ఇక చాలనీ అంది. అతనే వదల్లేదు. రోజూ బస్టాండు నుంచి ఇంటికి పోతూ కొట్టు ముందు ఆగి అదే పాట పాడాడు. ఈసారి నీదే అక్కా అన్నాడు. చివరికి ఆమె, సరే, ఇదే ఆఖరు, మళ్ళీ నా ప్రాణం తియ్యకు అని ఒప్పుకుంది.

పోటీ జరిగిన హాలు పక్కన చిన్న గది ఉంది. సాయంత్రం కార్యదర్శి అతన్ని అందులోకి పిలిచి కాయితం చేతికిచ్చాడు. పేర్లు తప్పు పలక్కుండా ముందే ఒకసారి చదువుకోవడం అతని అలవాటు. చదివాడు. మూడు పేర్లలోనూ అక్క లేదు. మళ్ళీ చదివాడు.

న్యాయనిర్ణేతల్లో పెద్దవాడు పాతకాలపు కటింగ్ మాస్టరు. అతని అవస్థ చూసి తనే దగ్గరికి వచ్చాడు. చొక్కాల మీద అంకెలే తప్ప పేర్లు లేవనీ, అది మీ అక్కగారిదని అంతా అయ్యాకే తెలిసిందనీ చెప్పాడు. చొక్కా తిరగేసి చూస్తే లోపలి కుట్టు అంత శుభ్రంగా ఇంకెవరిదీ లేదట. కాని కాలరు మొనలు రెండూ కలిపి పట్టుకుంటే ఒకటి పొట్టి. "అది కనపడ్డాక ఇంకేం చెయ్యగలం బాబూ" అన్నాడు ఆయన. చెయ్యగలిగిందేమీ లేదని అతనికీ తెలుసు.

కార్యదర్శి మంచివాడు. ఈ పూటకి నేను చదివేస్తాను, మీరు వెళ్ళి అక్కగారి పక్కన కూర్చోండి అన్నాడు. అతను నవ్వి, మీరు చదివితే మూడో పేరుకే జనం కునుకు తీస్తారు అన్నాడు. నవ్వుతూ అన్నా అది ఉత్త పొగరు. తను ఉండగా ఆ మైకు ముందు ఇంకొకరా అనే పొగరు.

వేదిక ఎక్కేముందు అతనికి ఒక ఆలోచన వచ్చింది. అందరికీ కలిపి చెప్పే మాట అక్కకు ఏ మూలకు సరిపోతుంది? అది గాలికి పోయే మాట. ఆమెకు విడిగా ఒక మాట చెప్పాలి. రెండో బహుమతి అయ్యాక, మొదటి పేరు చదివే ముందు చెబితే ఆమె మనసు గట్టి చేసుకుంటుంది, పేరు వినేసరికి దెబ్బ తగలదు. అలా అనుకుని మొదట్లో చెప్పాల్సిన మాటను దాచుకున్నాడు. ఇన్నేళ్ళలో అలా చెయ్యడం అదే మొదలు.

మూడో బహుమతి బాగానే సాగింది. పెళ్ళి గౌన్లు కుట్టే ఒకావిడ వచ్చి అందుకుని సిగ్గుపడుతూ దిగింది. రెండోది తండ్రీకొడుకుల కొట్టులో కొడుక్కి వచ్చింది. తండ్రికి రాలేదు, ఆ తండ్రే ఎక్కువ చప్పట్లు కొట్టాడు. హాలు మళ్ళీ నిశ్శబ్దమైంది. ముందు వరసలో బావ తన కూతురి చెవిలో ఏదో అన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, అది మీ అమ్మదే అని అయి ఉంటుంది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అతని చూపు వెనక గోడ మీద లేదు, అక్క మీదే ఉంది.

"మొదటి పేరు చదివేముందు ఒక మాట చెప్పాలి" అన్నాడు. "ఈ హాల్లో ఒక చెయ్యి ఉంది. ఇక్కడున్నవాళ్ళలో సగం మంది ఒంటి మీద ఆ చేతి కుట్టే ఉంది. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, ఆ చేతికి టేపు అక్కర్లేదు. ఎందరో ఆ మిషను పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. అలాంటి చేతికి ఇవాళ..."

ఇవాళ స్థానం రాకపోయినా అని అనబోయాడు. అనే వ్యవధి దొరకలేదు. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. సగం మంది ఒంటి మీద కుట్టు ఎవరిదో చెప్పక్కర్లేని ఊరది. ఆగమని చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఆమెను పైకి రమ్మంటున్నట్టు కనిపించింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కుర్చీల మధ్య దారిలోకి వచ్చింది. నడుస్తూ ఎవరెవరికో తల ఊపింది. అంత తేలిగ్గా ఆమె నవ్వడం అతను చిన్నప్పుడెప్పుడో చూశాడు.

అతను కాయితం పైకెత్తాడు. ఎంత ఆగితే ఆమె అంత దగ్గరికి వస్తోంది. చప్పట్లు తగ్గకముందే, స్థానం చెప్పి ఆగకుండానే, ఉన్న పేరు గడగడా చదివేశాడు. అది మిల్లు వాళ్ళకు యూనిఫారాలు కుట్టే లావుపాటి దర్జీ పేరు. చాలామందికి వినబడలేదు. రెండోసారి చదవాల్సి వచ్చింది. అప్పుడు వినబడింది.

దారి ఇరుకు. అక్క సగంలో నిలబడి ఉంది. లావుపాటి దర్జీ వెనకనుంచి వచ్చాడు. ఆమె పక్కకు తిరిగి, కుర్చీల వైపు ఒదిగి, ఆయనకి దారి ఇచ్చింది. ఆయన దాటాక చప్పట్లు కొట్టింది. ఆమె ఒక్కతే కొట్టింది. జనానికి చేతులు ఆడలేదు. కొందరు నేల చూశారు, కొందరు మైకు వైపు చూశారు.

లావుపాటి దర్జీ బహుమతి అందుకుని, ఫొటోకి నిలబడి, దిగే ముందు అతని దగ్గర ఆగాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి మరీ అన్నాడు.

"మా ఆవిడా పిల్లలూ కొత్త బట్టలేసుకుని వచ్చారండి. నాకు రావాల్సిన చప్పట్లు మీ అక్కగారికి కొట్టించారు. ఆవిడకైనా మిగిల్చారా అంటే అదీ లేదు."

అతను క్షమించమన్నాడు. ఆ మాట ఆయన చెవిన వేసుకోలేదు.

మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా కొట్టుకు వెళ్ళాడు. బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. రోజూ అయితే ఏదో ఒక ఎగతాళి ఉండేది. ఆయన పేపరు మడిచి, కాళ్ళు పక్కకు తీసి, లోపలికి పొమ్మన్నట్టు దారి ఇచ్చాడు. అక్క పాంటు పొడవు తగ్గిస్తోంది. తల ఎత్తి చూసి, కూర్చోమంది. అతను కూర్చోలేదు.

ఏం జరిగిందో మొత్తం చెప్పాడు. పేర్లు ముందే చూశాననీ, ఆమె బాధ పడకూడదనే ఆ మాటలు అక్కడ పెట్టాననీ, ఇంకో నాలుగు మాటలు ఉన్నాయనీ, జనం తొందరపడ్డారనీ చెప్పాడు. ఆమె దారం కొరికి తెంచి, పాంటు మడత మీద గోటితో గీత గీసింది.

"బహుమతి రాకపోతే ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేదాన్ని రా" అంది. "మూడోది వచ్చినప్పుడు అంతే, రెండోది వచ్చినప్పుడు అంతే. ఆ కటింగ్ మాస్టరు పెద్దాయన పొద్దున వచ్చాడు, కాలరు పొట్టి అన్నాడు. పొట్టే. నాకే తెలీలేదు. దానికి నాకేం బాధ లేదు."

"మరి?"

"ఊరందరికీ చెప్పే నాలుగు మాటలు నువ్వు నాకూ చెప్పి ఊరుకుంటే, నా కుర్చీలో నేను కూర్చునుండేదాన్ని. నన్ను లేపావు. లేచి నవ్వాను కూడా."

ఏం చెయ్యమంటావు అక్కా అని అడిగాడు. ఇక మీదట మైకు ముట్టనని కూడా అన్నాడు. ఆమె అతని వంక చూసింది. కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆ చూపులో అలసట తప్ప ఏమీ లేదు.

"ఏమీ చెయ్యకు. నువ్వు ముట్టకపోతే ఎందుకు ముట్టలేదో ప్రతిసారీ చెప్పుకుంటారు, అందులో నేనూ ఉంటాను. వెళ్ళి నీ పేర్లు చదువుకో. నేను మాత్రం రాను."

ఇంతలో ఒకావిడ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, వాడి చొక్కా పట్టుకుని వచ్చింది. చొక్కా ఇస్తూ, నిన్న మా గుండె తరుక్కుపోయింది అక్కయ్యా, మీ తమ్ముడు ఎంత బాగా చెప్పాడు మీ గురించి అంటూ మొదలుపెట్టింది. అక్క వినిపించుకోనట్టు పిల్లవాణ్ణి భుజం కొలతకు దగ్గరికి రమ్మంది. ఎప్పుడూ చూపుతో తేల్చేసే మనిషి, టేపు తీసి వాడి భుజం మీద పరిచింది. అంకె కనబడక కిటికీ వెలుగులోకి జరిగి, కూతుర్ని పిలిచింది.

అతను గుమ్మం దాటాడు. బావ కాళ్ళు మళ్ళీ పక్కకు తీశాడు.