తాళమేసిన గొంతు

దుర్గారావు ఓడెక్కిన దగ్గర్నుంచి జ్యోతిర్మయికి వారం వారం ఒక మెయిలు వచ్చేది. అతను బొగ్గు మోసే పెద్ద ఓడలో డెక్కు పనిలో ఉన్నాడు. నడిసముద్రంలో ఫోను పలకదు. ఏదైనా రేవు దగ్గరపడితేనే గొంతు వినిపిస్తుంది. ఓడలో భోజనాల గదిలో అందరికీ కలిపి ఒకటే కంప్యూటరు. అందులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవాడు. 'బాగున్నాను. నువ్వు బాగుండు. అమ్మ జాగర్త.' వెనకాల ఇంకొకడు తన వంతు కోసం నిలబడి ఉంటే అంతకన్నా ఏం రాస్తాడు?

పెళ్ళయిన నాలుగు నెలలకే వెళ్ళాడు. జాలరిపేటలోని రెండు గదుల ఇంట్లో ఇప్పుడు అత్తాకోడళ్ళిద్దరే. అత్త గంగాలమ్మ తెల్లారకుండానే హార్బరుకి పోయి చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. జ్యోతిర్మయి తొమ్మిదింటికి బస్సెక్కి ద్వారకా నగర్లో కోచింగ్ సెంటరుకి వెళ్తుంది. ఓడ ఉద్యోగాల పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే సెంటరది. అక్కడ ముందు గదిలో కూర్చుని ఫీజులు, అడ్మిషన్లు చూస్తుంది. దుర్గారావు కూడా ఒకప్పుడు అక్కడ చదివినవాడే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన మెయిలు మామూలుది కాదు. కింద ఒక జిప్ ఫైలు అంటించి ఉంది. పైన రెండే వాక్యాలు. 'ఇందులో నా గొంతుంది. పాస్‌వర్డు మనం మొదటిసారి కలిసి తిన్నది, అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు.'

జ్యోతిర్మయి వాటిని రెండుసార్లు చదివింది. ఫోనులో ఫైలు మీద వేలు పెట్టింది. తెరుచుకోలేదు. దీనికి తాళం ఉంది, లోపల వైరస్ ఉందో లేదో మేం చూడలేకపోయాం, జాగ్రత్త అని మెయిలు యాప్ ఒక హెచ్చరిక పెట్టి ఊరుకుంది. పాస్‌వర్డు ఎక్కడ రాయాలో చోటే లేదు.

పక్క టేబులు సుధారాణికి కంప్యూటర్లు తెలుసు. ఫోను చేతిలోకి తీసుకుని ముందు పంపిన అడ్రసు చూసింది.

"ఇది మీ ఆయన ఓడ మెయిలేనా? ఇలగ తాళాలేసి దొంగ మెయిల్లు కూడా వత్తాయి."

"అదే అడ్రసు. ఎప్పుడూ దీన్నించే వస్తాది."

"అయితే సరే. మెయిల్లో ఉండగా ఇది తెరుసుకోదే. ముందు దీన్ని ఫోన్లోకి దింపుకోవాలి." బాణం గుర్తు నొక్కింది. ఫైలు డౌన్‌లోడ్స్‌లోకి చేరింది. ఫోనులో ఉన్న ఫైళ్ళ యాప్‌తో తెరిస్తే లోపలున్న పేర్లు మాత్రం కనిపించాయి. ఒకటి అమ్మ. ఇంకొకటి జ్యోతి.

జ్యోతిర్మయి ఆ రెండు పేర్లనీ చూస్తూ ఉండిపోయింది. "పేర్లు కనబడతన్నాయి కదా, మరి తెరవదేం?"

"జిప్పుకి తాళమేసినా పేర్లు దాగవు. లోపలున్నదానికే తాళం. ఈ యాప్‌కి పాస్‌వర్డు అడగడం రాదు, ఊరికే 'కుదర్లేదు' అంటాది. ఇదే మెయిలు ఇక్కడ కంప్యూటర్లో తెరిసి, అందులోకి దింపుకుంటే ఇప్పుడే వినొచ్చు. రా."

జ్యోతిర్మయి చుట్టూ చూసింది. గది నిండా పిల్లలు, ఎదురుగా కుర్చీల్లో వాళ్ళ తండ్రులు. ఇంట్లోవాళ్ళే వినాలని అన్ని సముద్రాల అవతలి నుంచి తాళమేసి పంపినది, ఈ కంప్యూటర్లో దింపి వదిలెయ్యాలా?

"ఒద్దులే సుధా. ఇంటికెళ్ళి వింటాను."

సుధారాణి ఫోను మళ్ళీ తీసుకుంది. తాళం జిప్పులు తీసే యాప్ ఒకటి ఫోనులోకి ఎక్కించి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫైలుని ఆ యాప్‌తో ఎలా తెరవాలో చూపించింది. ఈసారి పేరు మీద నొక్కగానే పాస్‌వర్డు రాయమని చిన్న గడి వచ్చింది. "ఎన్నిసార్లు తప్పు కొట్టినా పరవాలేదు. బేంకు యాప్‌లాగ మూసుకుపోదు," అంది.

ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. దానికి ఆలోచించాల్సిన పనేముంది? ఉద్యోగం కాగితం వచ్చిన రోజు అతను ధైర్యం చేసి బీచికి రమ్మన్నాడు. ఇద్దరూ ఇసకలో కూర్చుని ముంత మిక్చరు తిన్నారు. ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి ఆమెకే ఇచ్చాడు. muntamixture అని కొట్టింది. తప్పు. mixture. తప్పు. munthamixture. తప్పు. ఆ రోజు మొక్కజొన్న పొత్తు కూడా కొన్నారేమో? అదీ కాదు. పెళ్ళిచూపుల నాటి మైసూరుపాకు, సింహాచలం కొండ మీద పులిహోర, తగరపువలసలో పుట్టింట్లో అమ్మ చేతి గారెలు... ఇద్దరూ కలిసి తిన్నదల్లా ఒక్కొక్కటీ రాసి చూసింది. తప్పని వచ్చినప్పుడల్లా ఆ రోజు మళ్ళీ కళ్ళముందుకొచ్చి పోయేది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మర్నాడు కూడా అంతే. అడుగుదామంటే అతని ఫోను మూగది. మెయిలు రాసింది, ఓడ నుంచి జవాబు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఫోను ముందేసుకుంటే, తట్ట కడిగి బోర్లించి గంగాలమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏటే, నిన్నట్నించి ఆ పోను గోకుతన్నావు? దుర్గడు ఏటైనా రాసినాడా?"

దాచాలనిపించలేదు. "గొంతు పంపించాడత్తా. నీకొకటి, నాకొకటి. తాళం మాటే తెలీట్లేదు. మేమిద్దరం మొదట కలిసి తిన్నదంట."

"నాకు కూడానా?" గంగాలమ్మ ముఖం విచ్చుకుంది. కాసేపు ఆలోచించి, ఇందులో ఏముందన్నట్టు చెప్పింది. "నెత్తళ్ళే కదే."

"నెత్తళ్ళా? ఎప్పుడు?"

"ఆ తుపాను రోజు. మీ ఆపీసులో అందరూ ఇరుక్కుపోనారు కదా. ఆడు గిన్ని పట్టుకొచ్చి నాకు సెప్పినాడు. 'అమ్మా, ముందు గదిలో కూకునే అమ్మాయి నీ నెత్తళ్ళ యేపుడు తిన్నాది, ఎవురి సెయ్యో గానీ బాగున్నాదంది' అని. ఆ వారమంతా నెత్తళ్ళే యేపించినాడు నాసేత. మళ్ళీ అడుగుతావేమోనని ఆడి ఆశ!"

జ్యోతిర్మయికి నెమ్మదిగా జ్ఞాపకం వచ్చింది. బయట చెట్లు విరిగిపడుతున్నాయి. కరెంటు లేదు. తను డబ్బా తెచ్చుకోలేదు. పిల్లలు బెంచీలు కలిపి, డబ్బాలన్నీ మధ్యలో పెట్టి, మేడమ్ మీరూ రండి అని పిలిచారు. ఒక స్టీలు గిన్నెలో వేలెడంత చేపలు, కరకరలాడే నెత్తళ్ళు. ఎవరిదో అడగలేదు. బల్లకి ఆ చివర ఎవరు కూర్చున్నారో కూడా చూడలేదు. బీచికి రమ్మని పిలవడానికి ఏడాది ముందు సంగతి. తనకి అతను ఎవరో తెలియకముందే అతనికి లెక్క మొదలైపోయింది.

nethallu అని రాసింది. తప్పు. తర్వాత అతను ఎలా రాస్తాడో ఆలోచించి nettallu అని కొట్టింది. తెరుచుకుంది.

ముందు అమ్మదే పెట్టింది. ఇంజను హోరు మధ్య నుంచి దుర్గారావు మాట్లాడాడు. "అమ్మా, బాగున్నావా?"

"బాగున్నాన్రా నాయినా," అంది గంగాలమ్మ ఫోను వైపు వంగి.

"మోకాలు నొప్పెలగున్నాది? మాత్తర్లు ఏసుకుంటన్నావా?"

"ఏసుకుంటన్నాను. నువ్వు తింటన్నావా సరిగ్గా?"

అది వినిపించుకోకుండా గొంతు ముందుకు పోతూనే ఉంది. గంగాలమ్మ మాత్రం ప్రతి ప్రశ్నకీ జవాబు చెబుతూనే ఉంది. ఇది ఫోను కాదత్తా అని చెప్పడానికి జ్యోతిర్మయికి నోరు రాలేదు. అయిపోయాక, "ఇంకోసారి ఎయ్యే," అంది గంగాలమ్మ. మళ్ళీ మొదట్నుంచి జవాబులు చెప్పింది.

తనదాన్ని జ్యోతిర్మయి వంటింట్లోకి పోయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నది.

"జ్యోతీ, ఓడ ఎక్కడికెల్తందో మెయిల్లో రాయకూడదని మా ఆపీసరు సెప్పినాడు. అందుకే ఈ తాళం. ఎవురికీ సెప్పకు. ఆదోరం సాయంత్రానికి మనూరి ముందే ఉంటాము. రేవు బయట, అవుటర్లో లంగరేసి ఆపుతారు. రేవు కాళీ అయితే లోపలికొత్తాము, లేపోతే పారాదీప్ ఎల్లిపోతాము. దిగనివ్వరు. ఎర్ర ఓడ, తెల్ల క్రేన్లు నాలుగుంటాయి. సిగ్నలందితే పోను సేత్తాను. అందకపోతే నువ్వు ఒడ్డుకి రా. అంత దూరాన్నించి నువ్వు నాకు కనబడవు. అయినా, నువ్వక్కడ నిలబడున్నావని తెలిత్తే సాలు నాకు."

ఆ తర్వాత చెప్పినవి ఆమెకే చెప్పినవి.

ఆదివారం అంటే మర్నాడే. ఒక్క రోజు ఆలస్యంగా తెరిచి ఉంటే?

ఎవరికీ చెప్పొద్దన్నా గురువులికి చెప్పక తప్పలేదు. గంగాలమ్మ తమ్ముడతను, పడవ ఉన్నవాడు, దూరం నుంచే ఓడల్ని గుర్తుపట్టగలవాడు. ఆదివారం సాయంత్రం ముగ్గురూ ఇసకలో నిలబడ్డారు. వంతు కోసం ఆగిన ఓడలు దూరాన వరసగా ఉన్నాయి. గురువులు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అదిగో, ఎర్రది, యారాడ కొండ వైపుకి," అన్నాడు.

బొటనవేలంత ఉంది. అందులో మనిషి ఎంతుంటాడు?

"పడవేసుకుని ఎల్దామా మావయ్యా?" అంది జ్యోతిర్మయి.

"దగ్గరికెల్లనివ్వరమ్మా. కోస్టుగార్డోలు పట్టుకుంటారు. ఆడి ఉజ్జోగానికే మోసం."

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. ఎత్తగానే, "జ్యోతీ," అన్నాడు.

"ఒడ్డునే ఉన్నాను."

"ఇన్నావా అయితే! తెరుసుకుందా?"

"అత్త తెరిచింది," అంది ఆమె. అటు నుంచి నవ్వు సగం వినిపించి, గరగరమని, ఆగిపోయింది. తిరిగి చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. గంగాలమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫోను మళ్ళీ మోగుతుందేమోనని ఓడల మీద దీపాలు వెలిగేదాకా నిలబడ్డారు. మోగలేదు.

సోమవారం సెలవు దొరకలేదు. సెంటరు నుంచి తిన్నగా ఒడ్డుకే వెళ్ళింది. కొండ వైపు నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. గురువులు పడవ మీద కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు.

"పారాదీప్ ఎల్లిపోనాదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "పొద్దున్న వల తీత్తంటే లంగరెత్తడం సూసినాను. ఓడ తిరుగుతంటే ఎనకాల డెక్కు మీద ఒకడు నిలబడున్నాడు. మనోడో కాదో తెలీనాదు."

జ్యోతిర్మయి కొండ వైపు ఇంకోసారి చూసింది. తర్వాత అడిగింది.

"ఎటు చూస్తున్నాడు మావయ్యా?"

"ఇటే," అన్నాడు గురువులు.