ఒకే చోటు, రెండు పూటలు

గవర్నర్‌పేటలో బాలశౌరి గారి స్టేషనరీ షాపు ముందు, ఫుట్‌పాత్ మీద హెప్సిబా ఇడ్లీలు అమ్ముతుంది. తెల్లవారుజామున ఐదింటికి స్టవ్ వెలిగించి, పదింటికి ఆయన షట్టర్ ఎత్తేలోపు సామాను సర్దుకుని వెళ్లిపోతుంది. పదకొండేళ్లుగా అదే వరస. లాడ్జీల్లో దిగినవాళ్లు, ఆటోవాళ్లు, కోచింగ్ క్లాసులకు పరిగెత్తే పిల్లలు ఆమె గిరాకీ.

రోజూ అక్కడికి రాగానే ఆమె చేసే మొదటి పని ఎవరినో తిట్టడం. నేలంతా నూనె జిడ్డు. సాయంత్రాలు అక్కడ ఎవరో ఏదో వేయిస్తారని వాసనను బట్టి తెలుసు. ఆ మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ వేళకి ఆమె ఇంట్లో పప్పు నానబోస్తూ ఉంటుంది.

కార్పొరేషన్ వీధి వ్యాపారుల సర్వే మొదలుపెట్టినప్పుడు, ఛాయాదేవి అనే ఉద్యోగిని ఉదయం ఏడింటికి వచ్చి హెప్సిబా వివరాలు రాసుకుంది. ఆధార్ చూసి, స్టవ్ పక్కన నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీసింది.

"వీధి వ్యాపారి కార్డు వస్తే ఇక ఎవరూ లేపరు కదా మేడమ్?"

"ఊరికే లేపడానికి వీల్లేదమ్మా. వేరేచోటికి మార్చాలన్నా నెల ముందు నోటీసు ఇవ్వాలి" అంది ఛాయాదేవి.

రెండు నెలలకి జోనల్ ఆఫీసు గోడకి ముసాయిదా జాబితా అంటించారు. హెప్సిబా వేలు పెట్టి వెతుక్కుంటూ తన పేరు దగ్గర ఆగింది. ఎదురుగా 'తిరస్కరణ. స్థలం మరొకరి పేరిట నమోదైంది' అని ఉంది. ఆ మరొకరు షేక్ కరిముల్లా, సమోసాల వ్యాపారి. హెప్సిబా లోపలికెళ్లి, ఛాయాదేవి కుర్చీ ఎక్కడుందో కనుక్కుంది.

ఛాయాదేవి కంప్యూటర్ చూసి తల పట్టుకుంది. "సాయంత్రం వేరే టీమ్ వెళ్లి ఆయన పేరు రాశారమ్మా. మ్యాప్‌లో ఇద్దరి చుక్కా ఒకేచోట పడింది. ఒకటి పొరపాటున వచ్చిందనుకుని మీది తీసేశారు. అభ్యంతరం రాసివ్వండి, గడువుంది."

"రాస్తే ఆయనది తీసి నాకిస్తారా?"

"అదెందుకు? ఒక చోటుని వేళలు పంచుకుని ఇద్దరు వాడుకోవచ్చు. చట్టంలోనే ఉంది. కానీ మీరిద్దరూ కలిసి అడిగితే కమిటీ వింటుంది. ఒకసారి ఆయన్ని కలవండి."

ఆ సాయంత్రం హెప్సిబా తన చోటుకి తనే కొత్త మనిషిలా వెళ్లింది. నెరిసిన గడ్డంతో ఒకాయన బాణలి ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన భార్య బీబీజాన్ సమోసాలు మడుస్తోంది.

"ఎన్ని కావాలమ్మా?"

"సమోసాలొద్దు. నా చోటు కావాలి."

కరిముల్లా చిల్లుల గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. "పొద్దున ఇక్కడ చట్నీ ఒలకబోసేది మీరేనా? ఏడేళ్లుగా రోజూ బకెట్ నీళ్లు కొట్టి కడుక్కుంటున్నా!"

"ఈ నూనె జిడ్డు మీదేనన్నమాట! రోజూ పొద్దున్నే నేను తిట్టేది మిమ్మల్నేనన్నమాట!"

"అందుకేనా పొద్దున్నే నాకు పొలమారేది!"

సమోసాల కోసం నిలబడ్డవాళ్లు గొల్లున నవ్వారు. హెప్సిబా ఆపుకుందామనుకుంది గానీ ఆమెకీ నవ్వొచ్చేసింది. తర్వాత జాబితా సంగతి చెప్పి, ఇద్దరూ కలిసి అడుగుతున్నట్టు రాయించుకొచ్చిన కాగితం చూపించింది. కరిముల్లా మొహంలో నవ్వు తగ్గింది.

"నాది పాసయిందమ్మా. ఇప్పుడు మళ్లీ కదిపితే నాదీ పోతుందేమో."

ఆయన భయం తప్పని హెప్సిబా ఎలా అంటుంది?

బీబీజాన్ పిండి చేతులు దులుపుకుంది. "తెల్లారి ఐదింటికి మనం ఇక్కడ ఏం చేస్తాం? పడుకుని గురక పెడతాం. ఆమె ఇడ్లీలేసుకుంటే నీకేం పోయింది? సంతకం పెట్టు."

కరిముల్లా పెట్టాడు.

వీధి వ్యాపారుల చోట్ల సంగతి తేల్చే టౌన్ వెండింగ్ కమిటీ సమావేశం కార్పొరేషన్ ఆఫీసులో జరిగింది. హెప్సిబా, కరిముల్లా వెళ్లి వెనక కూర్చున్నారు. కమిషనర్ గారు అధ్యక్షులు. ఒక పక్క ట్రాఫిక్ ఎస్సై, రెవెన్యూ అధికారి. ఇంకో పక్క వీధి వ్యాపారులు ఓట్లేసి గెలిపించుకున్న ప్రతినిధులు. వాళ్లలో పళ్ల బండి బసవయ్య ఒకడు. షాపుల సంఘం తరఫున బాలశౌరి గారు లేచారు.

"ఈమె ఇడ్లీ మీద నాకు కోపం లేదండీ. పదింటికల్లా ఖాళీ చేస్తుంది, కాదనను. కానీ ఫుట్‌పాత్ ఏడడుగులు. పొద్దున ఈమె స్టవ్వూ బల్లా, సాయంత్రం ఆయన బండీ అడ్డంగా ఉంటాయి. జనం రోడ్డు మీదికి దిగాలి. పోయిన నెల ఒక పెద్దావిడ అలా దిగితే బైకు తగిలింది. నడిచేవాళ్లకి హక్కు లేదా?"

ఆ పెద్దావిడని లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించింది హెప్సిబానే. ఆమె లేచి నిలబడింది.

"ఆయన చెప్పింది నిజమేనండీ. ఎంత వదలమంటారో చెప్పండి."

"ఐదడుగులు ఖాళీగా ఉండాలి" అన్నాడు ఎస్సై.

"అంటే మాకు రెండడుగులు." ఆమె కరిముల్లా వైపు చూసింది. "రెండడుగుల వెడల్పున బండి చేయించుకుంటాం. ఇద్దరికీ ఒకటే. గోడ వారగా పెట్టుకుంటాం. పదింటికి తీసేసి మళ్లీ ఐదింటికి తెస్తాం."

కరిముల్లా క్షణం తెల్లబోయి, వెంటనే తలూపాడు. "ఆ బండి పగలు మా సందులో ఉంటుంది సార్."

రెవెన్యూ అధికారి గొంతు సవరించుకున్నాడు. "కార్డులు రెండు కాబట్టి ఫీజు కూడా రెండు పూర్తిగా కట్టాలి."

"చోటు ఒకటేగా సార్" అన్నాడు బసవయ్య. "పూట వాడుకునేవాళ్లకి సగం వేయండి. చోటుకి రావాల్సింది కార్పొరేషన్‌కి వస్తుంది. రసీదిస్తే ఎవరూ ఎగ్గొట్టరు."

కమిషనర్ గారు నవ్వి, "న్యాయంగానే ఉంది" అన్నారు. తీర్మానం రాశారు.

బండి ఆటోనగర్‌లో వెల్డర్ అబ్రహాము చేశాడు. దాని ఎత్తు మీద పెద్ద తగాదా జరిగింది. హెప్సిబా పొట్టి, కరిముల్లా పొడుగు. చివరికి అబ్రహాము విసిగి, "అమ్మా, మీకో పీట చేసిస్తా, ఊరికే!" అన్నాడు. ఇడ్లీపాత్రా బాణలీ రెండూ ఒకే గుంటలో కూర్చునేలా మాత్రం బ్రహ్మాండంగా చేశాడు.

ఛాయాదేవి టేపు పట్టుకొచ్చి ఫుట్‌పాత్ మీద పసుపు గీత గీయించింది. బాలశౌరి గారు షాపులోంచి తన స్కేలు తెచ్చి మళ్లీ కొలిచారు.

"ఐదడుగుల రెండంగుళాలు" అన్నారు గంభీరంగా. "రెండంగుళాలు మాకే లాభం."

కార్డులిచ్చిన రోజు హెప్సిబా తన కార్డుని మూడుసార్లు చదువుకుంది. 'సమయం: ఉదయం 5 నుండి 10 వరకు' అని ఉంది. కరిముల్లా తన కార్డు పక్కన పెట్టి చూసి, "సాయంత్రం 5 నుండి 10. కవలపిల్లల్లా ఉన్నాయి చెల్లెమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె బండి అవతలి వైపు, గిరాకీ నిలబడే చోట నిలబడింది. పదకొండేళ్లలో గిరాకీగా అటువైపు నిలబడటం అదే మొదలు. వీధి దీపాలు వెలిగాయి. ఒకావిడ చంటిబిడ్డ బండిని తోసుకుంటూ పసుపు గీత అవతలి నుంచి తాపీగా వెళ్లింది. హెప్సిబా కొరకగానే ఉల్లిపాయ సమోసా కరకరలాడింది.

"ఎలా ఉంది?" అంది బీబీజాన్.

నోటి నిండా ఉండటంతో హెప్సిబా జవాబివ్వలేక, ఇంకో రెండు పెట్టమని ప్లేటు చాపింది.