సాక్స్ గెలిచిన స్లైడు

డెయిరీలో క్వాలిటీ ఆఫీసరమ్మ తల ఊపనిదే ఒక్క పాల ట్యాంకరు కూడా గేటు దాటి లోపలికి రాదు. డ్రైవర్లు ఆమెను చాటుగా రిజెక్టమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. అలాంటి మనిషిని ఏరికోరి స్కూలు సైన్స్ ఫెయిర్‌కి జడ్జిగా పిలిచింది సైన్సు టీచరు. టీచరు ఆమెకు స్వయానా తోడికోడలు, కాబట్టి తప్పించుకునే దారి లేకపోయింది.

పిల్లలు హాల్లో బల్లలు సర్దుకుంటుంటే, జడ్జిలు లైబ్రరీలో కూర్చుని వాళ్ల స్లైడ్లు చూస్తున్నారు. ఒక్కో ప్రాజెక్టుకీ ఒక్కో కాగితం. బాగున్నదేమిటో రాయాలి, మెరుగుపరచాల్సినవి రెండే రెండు రాయాలి.

ఏడో తరగతి అమ్మాయి స్లైడ్లు తెరుచుకోగానే తోడికోడలు కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"అక్కా, ఈ పిల్ల విషయంలో కాస్త చూసి రాయి. పోయినేడు ఎవరో 'ఇంకా చాలా మెరుగుపడాలి' అని గీకి పారేశారు. ఏది మెరుగుపడాలో చెప్పలేదు. ఇంక సైన్సు జోలికి రానని కూర్చుంది. బతిమాలి తెచ్చాను. ఈసారీ అలాగే అయితే సైన్సు క్లబ్బు మానేస్తానంది."

"ఉన్నదున్నట్టు రాస్తే మానేసే పిల్ల ఎన్నాళ్లుంటుంది?" అంటూనే ఆమె కళ్లజోడు సవరించుకుంది.

వేడినీళ్ల గ్లాసుకు ఏది చుడితే ఎక్కువసేపు వేడి నిలుస్తుంది, అదీ ప్రశ్న. ఒక గ్లాసుకు ఫాయిల్, ఒకదానికి న్యూస్‌పేపరు, ఒకదానికి ఉన్ని సాక్స్, ఇంకొకదానికి ఏమీ చుట్టలేదు. తళతళలాడుతుంది కాబట్టి ఫాయిల్ గెలుస్తుందని పిల్ల ఊహ. అరగంట తర్వాత గెలిచింది సాక్స్.

ఆఫీసరమ్మ పెన్ను ఊరుకోలేదు. రంగులు ఎక్కువ. అక్షరాలు చిన్నవి. గ్రాఫులో డిగ్రీలని రాయలేదు. మూలన పిల్లి బొమ్మ దేనికి? ప్రతిదీ ఒక్కసారే చేసింది. మొదలెట్టినప్పటి వేడి అన్ని గ్లాసులకూ ఒకటి కాదు. కాగితం నిండిపోయింది. కింద అలవాటు కొద్దీ ఆమె చెయ్యి "ఫలితం అంగీకరించబడదు" అని రాసేసింది.

తోడికోడలు తొంగి చూసి నెత్తి కొట్టుకుంది. "అక్కా, ఇది పిల్ల ప్రాజెక్టు. పాల ట్యాంకరు కాదు, వెనక్కి పంపడానికి."

ఆఫీసరమ్మకు సిగ్గేసింది. కాగితం చించేసి, మళ్లీ మొదటి స్లైడు నుంచి నెమ్మదిగా చూసింది. ఈసారి తప్పుల కోసం వెతకలేదు. పట్టిక దగ్గర ఆగిపోయింది. పిల్ల ఒకే గిన్నెలోంచి నీళ్లు వరసగా పోసింది. చివర పోసింది సాక్స్ గ్లాసులో. అప్పటికి నీళ్లు చల్లారి డెబ్బై నాలుగు డిగ్రీలున్నాయి, ఫాయిల్ గ్లాసులో ఎనభై. అయినా చివరికి సాక్స్‌దే ఎక్కువ వేడి.

"వెనకనించి మొదలెట్టి గెలిచిందే," అంది పైకే. పక్క జడ్జి తలెత్తి చూశాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

కొత్త కాగితం మీద ఇలా రాసింది: "ఏమీ చుట్టని గ్లాసు కూడా పెట్టి పోల్చావు, అది మంచి ఆలోచన. నీ ఊహ తప్పైందని దాచకుండా చెప్పావు, అందుకే నీ లెక్కల్ని నేను నమ్మాను. సాక్స్ గ్లాసు తక్కువ వేడితో మొదలై కూడా గెలిచింది, గమనించావా? ఇక రెండు పనులు చెయ్యి. ఒకటి, ప్రతి గ్లాసునూ కనీసం మూడుసార్లు పరీక్షించి సగటు చూపించు. ఒక్కసారి వచ్చింది అనుకోకుండా వచ్చి ఉండొచ్చు. రెండు, అన్ని గ్లాసులూ ఒకే వేడి దగ్గర మొదలయ్యేలా చూడు. అప్పుడు తేడా చుట్టినదాని వల్లే వచ్చిందని ఎవరైనా ఒప్పుకుంటారు."

పిల్లి బొమ్మను వదిలేసింది. నిజానికి అది బాగానే ఉంది.

హాల్లో ఆ అమ్మాయి కాగితం అందుకుని చదువుతుంటే, ట్యాంకర్ల ముందు ఏనాడూ తడబడని ఆఫీసరమ్మ ఆ మొహం వంకే చూస్తూ నిలబడింది. పిల్ల మొహం ముడుచుకుంది. మళ్లీ చదివింది. తన పట్టిక మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత తిన్నగా ఆమె దగ్గరికే వచ్చింది.

"మేడమ్, మూడుసార్లు చేస్తే సాక్స్ ఓడిపోతే?"

"ఓడిపోయిందని స్లైడులో పెట్టు. నీకది చేతనవును."

పిల్ల గోడవార కుర్చీలో కూర్చున్న ముసలాయన దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఒక కాలికి ఉన్ని సాక్స్ ఉంది. రెండో కాలు బోసిగా చెప్పులో ఉంది.

"తాతయ్యా, ఆ రెండోది కూడా ఇచ్చెయ్. ఇంకా చాలాసార్లు చెయ్యాలి."

తాతయ్య ఆఫీసరమ్మ వైపు ఒకసారి చూసి, నవ్వుతూ వంగి సాక్స్ విప్పడం మొదలెట్టాడు.