అడ్జస్ట్ చేసుకో అన్నడు

లాలు పోయిన తర్వాత అతని గొంతు షాబాజ్ ఫోన్‌లో మిగిలింది. ఇద్దరూ సత్తుపల్లి దగ్గరి ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో ఒకే కాంట్రాక్టరు కింద మట్టి తోలే టిప్పర్లు నడిపేవాళ్ళు. ఆ రోజు షిఫ్టు ఎక్కేముందు లాలు ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. షాబాజ్ దాన్ని వినేసరికి లాలు బండి ర్యాంపు మీదినుంచి కిందికి పోయి ఉంది.

పోలీసులు కేసు రాశారు. నిర్లక్ష్యంగా నడిపాడని లాలు పేరే పెట్టారు. చచ్చిపోయినవాడి మీద కేసు ఏందని అతని భార్య సోమ్లి స్టేషన్‌కి పోయి అడిగితే, గని కంపెనీ విచారణలో ఏం తేలుతుందో చూసి పేరు మారుస్తమన్నాడు ఎస్సై. అందుకే అందరూ ఆ విచారణ కోసం ఎదురు చూశారు.

షాబాజ్ ఆ మెసేజ్ తెచ్చి కాంట్రాక్టు కార్మికుల యూనియన్ ఆఫీసులో ఇచ్చాడు. "నా పేరు రానీయకుండ్రి, నేనింకా ఆ కాంట్రాక్టరు కిందనే బండి తోలాలె" అన్నాడు. అక్కడ కాగితాల పని చూసేది నాగలత. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. ఆడియోను అక్షరాల్లోకి మార్చే యాప్‌లో వేసి, వచ్చినదాన్ని ఫైలు చేసి, సెక్రటరీ జయప్రకాశ్‌కి పంపింది. వినుకుంటూ సరిచూడాలె, ఇంకా కాలేదు అని కూడా రాసింది.

అప్పుడు ఆమె ఖమ్మంలో ఉంది, తమ్ముడిని కోచింగ్ కాలేజీలో చేర్పించడానికి. తిరిగొచ్చేసరికి జయప్రకాశ్ ఆ పని ముగించేశాడు.

"కంపెనీవాళ్ళు ఇంగ్లీషుల అడిగిండ్రు. గందుకని ఫైలు ఏఐల వేసి సమరైజ్ అని కొట్టిన. నీట్‌గ వచ్చింది. లెటర్‌హెడ్ మీద పెట్టి కంపెనీకి మెయిల్ చేసిన."

"చదివినవా అన్నా?"

"చదివిన. నాలుగు లైన్లే కదా."

నాగలత చదివింది. ఆ ఇంగ్లీషుకు అర్థం ఇది: బ్రేకులో లోపం ఉందని డ్రైవర్ సూపర్‌వైజర్‌కి తెలిపాడు. షిఫ్టుకు ముందు బ్రేకును సరిచేసుకోవాలని సూపర్‌వైజర్ ఆదేశించాడు. డ్రైవర్ బండి తీశాడు. ర్యాంపు మీద నెమ్మదిగా వెళ్తానన్నాడు.

ఆమె కుర్చీలో కూలబడి ఆడియో పెట్టింది.

"షాబాజ్ భాయ్, ఈ బండి డేంజర్‌గున్నది. గాలి నిలుస్తలేదు, బ్రేక్ సరిగ్గ పడ్తలేదని సూపర్‌వైజర్‌కు చెప్పిన. స్పేర్ బండి లేదంట. ఈ ఒక్క షిఫ్ట్ అడ్జస్ట్ చేసుకో అన్నడు." ఇక్కడ లాలు నవ్వాడు. "ఏం చేద్దం. ర్యాంప్ మీద స్లోగ తీస్త తియ్."

"అన్నా, ఏం పంపినవో తెలుసా? బ్రేకు బాగుచేసుకోమని సూపర్‌వైజర్ చెప్పిండు, లాలన్న చెయ్యలేదు. గట్ల అయింది ఇది."

జయప్రకాశ్ మళ్ళీ చదివాడు. "అడ్జస్ట్ అంటే..."

"ఓర్చుకో అన్నడు. సదురుకో అన్నడు. నా హాస్టల్‌ల ముగ్గురికి ఒక మంచం ఇచ్చి వార్డెన్ ఏమనేది? అడ్జస్ట్ చేసుకో అనేది. మంచం రిపేరు చేయమనా?"

ఫైలు తెరిచి చూసింది. యాప్ ఎక్కడా ఒక చుక్క పెట్టలేదు. స్పేర్ బండి అన్న మాటను 'స్పీడ్ బండి' అని రాసింది. బ్రేక్, షిఫ్ట్, అడ్జస్ట్ అన్నీ ఒక్క వరసలో కలిసిపోయి ఉన్నాయి. నవ్వు లేనే లేదు. బ్రేక్ పక్కన అడ్జస్ట్ కనబడితే ఇంగ్లీషులో అది మెకానిక్ పనే అవుతుంది. అది ఊళ్ళో వినే అడ్జస్ట్ అని యంత్రానికి ఎవరూ చెప్పలేదు.

ఆమె ముందు ఆడియో వినుకుంటూ ఫైలును సరిచేసింది. ఆగిన చోట చుక్కలు పెట్టింది, నవ్వాడని రాసింది. తర్వాత మళ్ళీ ఎక్కించి ఈసారి వివరంగా అడిగింది: ఇది తెలుగు, ఇంగ్లీషు కలిసిన మాట, ఖమ్మం వైపు మాట. ఇంగ్లీషు పదాలను మాట్లాడినట్టే కోట్స్‌లో ఉంచు. ఏ పదానికైనా రెండు అర్థాలు వచ్చే వీలుంటే నువ్వు తేల్చకు, నాకు చూపించు.

వచ్చిన సారాంశంలో స్పేర్ బండి లేదన్న మాట ఉంది. "ఈ ఒక్క షిఫ్ట్ అడ్జస్ట్ చేసుకో" లాలు అన్నట్టే ఉంది. కింద ఒక గమనిక: ఇది ఇబ్బందిని ఓర్చుకోమనడం కావచ్చు, బ్రేకును సరిచేయమనడం కావచ్చు. స్పేర్ బండి లేదన్న మాట వెంటనే రావడం, 'ఈ ఒక్క షిఫ్ట్' అనడం చూస్తే మొదటిదే ఎక్కువ సరిపోతుంది. ఆడియో విని నిర్ధారించుకోండి.

"దీన్నే పంపుదాం" అన్నాడు జయప్రకాశ్.

"పంపుదాం. మొదటిది మాత్రం వాళ్ళ దగ్గర ఉండనే ఉన్నది కదన్నా."

విచారణ కంపెనీ సైటు ఆఫీసులో పెట్టారు. విచారణ అధికారి వెంకటరామారావు, రిటైరైన ఇంజనీరు. చిన్న గది. సూపర్‌వైజర్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. సోమ్లి లోపలికి రాగానే అధికారి ఒక స్టూలు చూపించాడు. "కుర్చీలు తక్కువున్నయ్ తల్లీ, కొంచెం అడ్జస్ట్ చేసుకో."

కంపెనీ హెచ్‌ఆర్ ఆయన యూనియన్ మొదటి మెయిల్ తీసి చదివాడు. "సార్, ఇది మేము రాసింది కాదు. వాళ్ళ లెటర్‌హెడ్. సూపర్‌వైజర్ బ్రేకు సరిచేసుకోమన్నాడని వాళ్ళే ఒప్పుకున్నారు."

"అది తప్పు సారాంశం సార్" అంది నాగలత. "సరిచేసి రెండోది పంపినం."

"బాగుంది. ఒకసారి అట్ల, ఒకసారి ఇట్ల" అన్నాడు హెచ్‌ఆర్ ఆయన.

"ఆడియో వినుండ్రి సార్."

పెట్టింది. గదిలో లాలు నవ్వు వినబడింది. సోమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూపర్‌వైజర్ కిటికీ వైపు తిరిగాడు.

"సార్, మీరిప్పుడే అక్కను అడ్జస్ట్ చేసుకోమన్నరు. ఆమె ఏం బాగుచెయ్యాలె?"

వెంకటరామారావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకోటి సార్. గాలితో పడే బ్రేకును డ్రైవర్ ముట్టుకోవద్దని మీ రూలే ఉన్నది, వర్క్‌షాపుల మెకానిక్ చేస్తడు. బ్రేకు సంగతే అయితే చేయించుకో అనాలె. ఈయన చేసుకో అన్నడు."

"నాకు అర్థమైందమ్మా" అన్నాడాయన. గొంతు మెత్తగానే ఉంది. "ఈ గదిలో అందరికీ అర్థమైంది. కానీ రిపోర్టు చదివేవాళ్ళు హైదరాబాదులో ఉంటరు. వాళ్ళ ముందు రెండు కాగితాలుంటయ్, రెండూ మీవే."

సూపర్‌వైజర్‌ను అడిగారు. "ఏమన్ననో గుర్తులేదు సార్. యూనియన్ రాసింది కరెక్టే అనుకుంట."

"యూనియన్ రాసినవి రెండున్నయ్. ఏది?" అంది నాగలత.

"మొదటిది."

వెంకటరామారావు రాసుకున్నాడు, చదివి వినిపించాడు. సూపర్‌వైజర్ మాటకు రెండు అర్థాలు సాధ్యమనీ, కార్మికుల వైపు నుంచే రెండు వివరణలు వచ్చాయనీ, కాబట్టి సూపర్‌వైజర్ బాధ్యత నిర్ధారణ కాలేదనీ. ఆడియోను జత చేయమని నాగలత పట్టుబట్టింది. చేశాడు. అడ్జస్ట్ అన్న పదాన్ని తెలుగు లిపిలో అట్లాగే ఉంచమంది. ఉంచాడు. అంతవరకే ఆమె చేయగలిగింది.

బయట జయప్రకాశ్ బండి దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. సోమ్లి అతని వైపు చూడకుండా నాగలతను అడిగింది.

"చెల్లె, తప్పు ఎవరిదని రాసిండ్రు?"

"ఎవరిదని రాయలే అక్కా."

"సూపర్‌వైజర్‌ది కాదంటనా?"

"తేలలేదని రాసిండు."

రోడ్డు మీద మట్టి టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"మరి తేలకపోతే, పోలీసు కాగితంల ఎవరి పేరు ఉంటది?"

ఎట్లా చెప్పినా ఆ మాటకు ఒకటే అర్థం.

"లాలన్నదే" అంది.