కాంతమణి గారి ట్రస్టుకి విరాళం

కరస్పాండెంట్ విష్ణువర్ధన్ కప్పిన శాలువాకి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. నూట ఎనభై రూపాయలు. ప్రేమమణి టీచర్ దాన్ని చూసింది, చూడనట్టు నవ్వింది. ఫొటోకి నవ్వాలి కదా మరి! దాదాపు ఇరవై మూడేళ్ళ కిందట ఒక జూన్ నెలాఖరున చేరినప్పుడు ముప్పై అయిదేళ్ళ మనిషి. ఇప్పుడు యాభై ఎనిమిది నిండి ఏప్రిల్ నెలాఖరున రిటైరవుతోంది. సీతాఫల్‌మండిలో సగం ఇళ్ళలో ఆవిడ చెవి మెలిపెట్టిన పిల్లలే తల్లులూ తండ్రులూ అయ్యారు.

"టీచర్ అంటే కొవ్వొత్తి!" అని మైకులో అరిచాడు విష్ణువర్ధన్. "మా అమ్మ కాంతమణి గారి పేరు మీద కట్టిన ఈ హైస్కూలుకు ప్రేమమణి మేడం తన జీవితమంతా ఇచ్చేసింది!"

జీవితం ఒక్కటేనా, జీతం కూడా ఇచ్చిందిరా నాయనా, అనుకుంది ప్రేమమణి. ఆ మాట మైకులో ఎవరూ చెప్పరు.

ఆ జీతం భాగోతం ఏమిటంటే, నిరుడు వేసవిలో విష్ణువర్ధన్‌కి స్కూలుని సెంట్రల్ సిలబస్ బోర్డులోకి మార్చాలని బుద్ధి పుట్టింది. ఫీజులు రెట్టింపు చేసుకోవచ్చు. కానీ ఆ బోర్డువాళ్ళు టీచర్లకి ప్రభుత్వ స్కేలు ఇస్తున్నట్టు బ్యాంకు కాగితాలు చూపించమంటారు. చూపిస్తే పోలా? జూన్ నుంచి ప్రేమమణి ఖాతాలో బేసిక్, డీఏ కలిపి నెలకి యాభై రెండు వేలు పడడం మొదలైంది. అంతకుముందు ఇరవై ఆరు వేలు. పడిన మర్నాడే సగం డ్రా చేసి, కవర్లో పెట్టి, ఆఫీసులో ఇవ్వాలి. నలభై మంది టీచర్లు కవర్లు పట్టుకుని ప్రసాదం క్యూలో నిలబడ్డట్టు నిలబడేవాళ్ళు. ఒక్కరు నోరెత్తితే ఒట్టు. ప్రేమమణి కూడా ఎత్తలేదు, ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి తన మీద తనకే రోత.

ఇక్కడితో ఆగితే అతను విష్ణువర్ధన్ ఎందుకవుతాడు? ఊరికే వచ్చిన డబ్బుని ఊరికే పెట్టుకోవడం కూడా అతనికి నచ్చలేదు. ఎవరో ఆడిటర్ చెప్పాడట. ఆ కవర్లన్నీ తల్లి పేరు మీదున్న ట్రస్టుకి విరాళాలుగా రాయించాడు. ప్రతి కవరుకీ గులాబీ రంగు రసీదు. దాని మీద కాంతమణి గారి ఫొటో, కింద "స్వచ్ఛందంగా, ప్రేమపూర్వకంగా ఇచ్చిన విరాళం" అన్న ముక్క, అడుగున విష్ణువర్ధన్ సంతకం. బోర్డు దగ్గర దాత, ట్యాక్సువాళ్ళ దగ్గర ధర్మాత్ముడు. తెలివంటే అతనిదే!

సన్మానం అయ్యాక అకౌంటెంట్ బ్రహ్మచారి ఒక వోచరు ముందుకి జరిపాడు. ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే వంగిన నడుము.

"మేడం, గ్రాట్యుటీ. సారు ఇరవై రెండేండ్లకు ఏడాదికి సగం నెల జీతం లెక్కన ఇయ్యమన్నరు. ఇరవై ఆరు వేలల్ల సగం పదమూడు వేలు. మొత్తం రెండు లక్షల ఎనభై ఆరు వేలు. ఇగ ఏం బాకీ లేదని గీడ సంతకం చేస్తే చెక్కు ఇప్పుడే ఇస్త."

ప్రేమమణి మనసు ఇంటి లెక్క మీదకి పోయింది. చిలకలగూడలో ఆవిడా, చెల్లెలు హదస్సా అద్దెకుంటున్న రెండు గదుల పోర్షన్ని ఇంటామె బాలమ్మ అమ్మేస్తోంది. అక్కాచెల్లెళ్ళు కూడబెట్టింది పోను ఇంకా ఆరు లక్షలు కావాలి. "దసరా దాంక ఆగుత బిడ్డా. ఆ తర్వాత బయటోళ్ళకిస్త, ఏమనుకోకు" అంది బాలమ్మ. ఈ రెండు లక్షల చిల్లరతో గోడలు కూడా రావు.

"రేపు చేస్తాను బ్రహ్మచారి గారూ" అని శాలువా మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి చెప్పగానే హదస్సా గులాబీ రసీదుల కట్ట తీసి కూడింది. పదకొండు నెలలు, నెలకి ఇరవై ఆరు వేలు. కూడి, అక్క వైపు తెల్లబోయి చూసింది.

"అక్కా, నువ్వు వాడికిచ్చిన విరాళం ఎంతో తెలుసా? రెండు లక్షల ఎనభై ఆరు వేలు! నీ డబ్బే నీకు గ్రాట్యుటీ అని ఇస్తున్నాడే! వాడి జేబులోంచి దమ్మిడీ కూడా కదల్లేదు!"

ప్రేమమణికి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది, చర్చిలో కూర్చున్నా ప్రార్థన సాగనంత కోపం. వోచరు మీద సంతకం చెయ్యలేదు. చట్ట ప్రకారం గ్రాట్యుటీ లెక్కకట్టి ఇవ్వమని స్కూలుకే దరఖాస్తు పెట్టింది. నెల దాటినా జవాబు లేదు. అప్పుడు లేబర్ ఆఫీసుకి వెళ్ళి కేసు వేసింది.

విచారణ రోజున విష్ణువర్ధన్ తెల్ల చొక్కా వేసుకుని, బ్రహ్మచారిని వెంటబెట్టుకుని వచ్చాడు. వస్తూనే ప్రేమమణిని చూసి, చచ్చిన ఎలుకని చూసినట్టు మూతి తిప్పుకున్నాడు. అధికారిణి పేరు వసుధ. ఫ్యాను గాలికి ఎగిరే కాగితాల మీద పేపరు వెయిట్లు పెట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఎందుకివ్వలేదు?"

"మేడం, మాది సేవాసంస్థ. టీచర్లకు గ్రాట్యుటీ అంటే మేము ప్రేమతోని ఇచ్చేది. ఇస్తమంటే ఆమెనే తీసుకోలె."

"ప్రేమ సంగతి ఇంట్లో చూసుకోండి. ప్రైవేటు స్కూలు టీచర్లకి కూడా ఇది చట్టప్రకారం హక్కు. మీ లెక్క చెప్పండి."

బ్రహ్మచారి చెప్పాడు. వసుధ వింటూనే పెన్నుతో కొట్టేసింది.

"నెలని ముప్పై రోజులు చేసి సగం ఇచ్చేస్తే కాదు. నెలకి పనిరోజులు ఇరవై ఆరు అని లెక్క. చివరి నెల బేసిక్, డీఏ కలిపి ఇరవై ఆరుతో భాగిస్తే ఒక రోజు జీతం వస్తుంది. దాన్ని పదిహేనుతో గుణిస్తే ఒక ఏడాదికి. ఇక సర్వీసు, ఇరవై రెండేళ్ళ పది నెలలు. ఆరు నెలలు దాటిన ముక్క నిండు సంవత్సరం కిందే లెక్క. ఇరవై మూడు రాసుకోండి. చివరి జీతం ఎంత?"

"ఇరవై ఆరు వేలు" అన్నాడు విష్ణువర్ధన్, రెప్ప వెయ్యకుండా.

వసుధ బ్యాంకు స్టేట్‌మెంటు తిప్పింది. "ఇక్కడ యాభై రెండు వేలు పడింది. ఏప్రిల్లో కూడా. మీరు బోర్డుకి పంపిన జీతాల పట్టీలో కూడా ఇదే ఉంది. అమ్మా, మీరు చెప్పండి. ఎంత వచ్చింది?"

ప్రేమమణి సంచిలోంచి రసీదుల కట్ట తీసింది. నాకేం తెలియదు, ఖాతాలో పడిందంతే అంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్ళూ పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పి చెప్పి, నాలుక ఇప్పుడు వంకర తిరగనంది.

"యాభై రెండు పడేది మేడం. మర్నాడు సగం తెచ్చి ఆఫీసులో ఇచ్చేదాన్ని. అందరం ఇచ్చేవాళ్ళం. ఇవి రసీదులు."

"చూసిన్రా! ఆమెనే ఒప్పుకున్నది!" విష్ణువర్ధన్ బల్ల మీద చరిచాడు. "అసలు జీతం ఇరవై ఆరే! మిగిలింది వాపస్ తీసుకున్నం!"

ఆ గదిలో మొదటిసారి వసుధ తల ఎత్తింది. గులాబీ రసీదు ఒకటి తీసి, పైకి చదివింది, "స్వచ్ఛందంగా, ప్రేమపూర్వకంగా ఇచ్చిన విరాళం. ఇది మీ సంతకమేనా?"

బ్రహ్మచారి నేల చూపులు చూశాడు. విష్ణువర్ధన్‌కి అప్పుడు వెలిగింది, తను ఎక్కడ కాలేశాడో.

"జీతం పుచ్చుకున్నాక ఆవిడ విరాళం ఇచ్చుకుంటే, అది ఆవిడ ఇష్టం. దానివల్ల జీతం తగ్గదు. లేదు, ఇది విరాళం కాదు, బలవంతంగా వెనక్కి గుంజుకున్నాం అంటారా, అయినా ఇస్తామని రాసిన జీతం యాభై రెండే. కాకపోతే మీరు చెప్పిన మాట నేను ఉన్నదున్నట్టు రాసి, కాపీ బోర్డుకీ ట్యాక్సువాళ్ళకీ పంపాలి. ఏం రాయమంటారు?"

విష్ణువర్ధన్ రసీదు మీది కాంతమణి గారి ఫొటోకి దణ్ణం పెట్టాడు. "విరాళమే మేడం. మా అమ్మ అంటే టీచర్లకు శానా ప్రేమ" అన్నాడు.

"సంతోషం" అంది వసుధ, రాసుకుంటూ. "యాభై రెండు వేలని ఇరవై ఆరుతో భాగిస్తే రెండు వేలు. పదిహేను రోజులకి ముప్పై వేలు. ఇరవై మూడేళ్ళకి ఆరు లక్షల తొంభై వేలు. నెలలోగా ఇవ్వనందుకు పైన వడ్డీ."

ప్రేమమణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విష్ణువర్ధన్ ముందు ఏడవడం ఇష్టంలేక ముక్కు చీదుకుంటున్నట్టు నటించింది.

దసరాకి ఇంకా రెండు వారాలుండగా చెక్కు తీసుకోమని కబురొచ్చింది. స్కూలు ఆఫీసులో విష్ణువర్ధన్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు, ఆవిడ వచ్చింది తెలియనట్టు. బ్రహ్మచారి చెక్కు ఇచ్చాడు. ఇచ్చి, గొంతు సవరించుకుని, గులాబీ రసీదు పుస్తకం కూడా మెల్లగా ముందుకి జరిపాడు.

"సారు అడగమన్నరు మేడం... పెద్ద మొత్తం వచ్చింది గదా, ట్రస్టుకు మీ ప్రేమ కొద్దీ ఏమన్న..."

ఔరా! చెంప పగిలిన చోటే ఇంకోసారి చెయ్యి చాపే మనిషిని ప్రేమమణి తన జన్మలో చూడలేదు.

"బ్రహ్మచారి గారూ, ఆ మహాతల్లి మీద నాకున్న ప్రేమంతా పదకొండు కవర్లలో పెట్టి ముందే ఇచ్చేశాను. ఇక మిగల్లేదు" అంది, కిటికీ దగ్గరి వీపుకి వినబడేలా.

బయటికి రాగానే మెట్ల దగ్గర లెక్కల టీచర్ కల్పలత ఆపింది. పందొమ్మిదేళ్ళ సర్వీసు. వెనకే ఇంకో నలుగురు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు, ముఖాల్లో ఆత్రం.

"మేడం, జెర చెప్పండి. ఇప్పుడు రాజీనామా ఇస్తే సుత గ్రాట్యుటీ ఇదే జీతం మీద కడతరా? సారు వచ్చే నెల నుంచి స్కేలు తీసేస్తడంట. బోర్డు పర్మిషన్ వచ్చేసిందట గదా."

పైన కిటికీ రెక్క కిర్రుమంది. ప్రేమమణి తల ఎత్తి చూడలేదు. చెక్కు సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది, సన్మానం నాటి నుంచీ అందులోనే పడి ఉన్న శాలువాని తీసి, మెట్టు మీద మడిచి పరిచి దాని మీద కూర్చుంది.

"అయిదేళ్ళు దాటితే చాలు, రాజీనామా ఇచ్చినా వస్తుంది" అంది, ఆఖరి బెంచీకి కూడా వినబడే గొంతుతో. "అందరూ దగ్గరికి రండి. ముప్పైతో కాదు, ఇరవై ఆరుతో భాగించాలి."