పద్నాలుగు అంగుళాల ఎల్లాపూర్

అంగుళం అంటే మైలు. దేవిదాస్‌కు ఈ లెక్క ముందు తన పేరు కూడా రెండోదే. నిజాం జమానాలో సర్వే దఫ్తర్‌లో కొలత గొలుసు మోసే పనితో చేరి, పటాలు చదవడం నేర్చి, ఇప్పుడు కోటగిరి దారిలో కొత్తగా పెట్టిన చెరకు మిల్లులో కొలతల గుమాస్తా అయ్యాడు. ఎన్ని పటాలు చేతికి వచ్చినా అన్నిటికీ అదే లెక్క. పటం మీద ఒక అంగుళం, నేల మీద ఒక మైలు. ఆ లెక్క ఏనాడూ అతనికి ద్రోహం చేయలేదు. ద్రోహం చేయనివాళ్లను మనం మళ్లీ పరీక్షించం కదా!

మిల్లుకు ఒక నియమం ఉంది. పన్నెండు మైళ్ల లోపలి ఊళ్ల చెరకే తీసుకుంటారు. అంతకు మించితే కొట్టిన చెరకు ఎడ్లబండి మీద ఎండి వస్తుంది, రసం తగ్గుతుంది. అందుకని ఏ ఊరు ఎంత దూరమో దేవిదాస్ కొలిచి చెప్పాలి. అతను చెప్పిందే మాట. మేనేజరు వెంకట్రావు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొన్న కుటుంబం వాడు, ఈ దారులు అతనికి తెలియవు.

ఆ ఏడు కొత్త పటం వచ్చింది. అచ్చు మెరుస్తోంది, రంగులు పచ్చిగా ఉన్నాయి. బల్ల చిన్నది, పటం పెద్దది. కింది అంచును వెనక్కి మడిచి నాలుగు మూలలా గుండుపిన్నులు గుచ్చాడు దేవిదాస్. స్కేలు ఎంతో ముద్రించి ఉండేది ఆ కింది అంచులోనే. విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు.

పనిలో మాత్రం లోటు చేయలేదు. రూళ్లకర్రను ఊరి నుంచి ఊరికి తిన్నగా పెట్టి చదివేసే బద్ధకస్తుడు కాదతను. దారం తీసుకుని, ఎల్లాపూర్ బండిబాట ఎక్కడెక్కడ వంకర తిరిగిందో అక్కడక్కడ పిన్ను ఆనించి, దారాన్ని వంపుల వెంట పరిచాడు. తర్వాత దారాన్ని సాగకుండా రూళ్లకర్ర మీద చాచి చూశాడు. పద్నాలుగు అంగుళాలు, పైన ఒక చిన్న గీత. పద్నాలుగు మైళ్లు. ఎల్లాపూర్ పేరు కొట్టేశాడు.

వారం తిరగకుండానే ఎల్లాపూర్ నుంచి రాజలింగు వచ్చాడు. నాలుగెకరాల చెరకు ముదిరి నిలబడి ఉంది. తలగుడ్డ చేతిలో పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడు.

"పద్నాలుగు మైళ్లంట గద సారూ. పొద్దుగాల బండి కడితె ఎండ దిగకముందే మిల్లు కాడ ఉంట. పద్నాలుగు ఎట్లైతది? మల్లొక్కసారి సూడరాదు?"

దేవిదాస్‌కు నవ్వొచ్చింది. "నీ ఎడ్లకు అంగుళాలు తెలుస్తయా రాజలింగూ? కాయితం అబద్ధం చెప్పదు. పో."

"గంత చెరకు నేనేం జేసుకోవాలె సారూ?"

"గానుగ ఆడించుకో. బెల్లం వండుకో."

రాజలింగు వెళ్లిపోయాడు. మళ్లీ కొలిస్తే పోయేదేమీ లేదు, ఒక దారం, ఒక రూళ్లకర్ర. అయినా కొలవలేదు. అది గర్వమే, దానికి వేరే పేరు పెట్టి ముద్దు చేయనక్కర్లేదు.

కొన్నాళ్లకు వెంకట్రావు బోధన్‌కు లారీ నడిపే ఆలోచనతో పిలిచాడు. "దేవిదాసు గారూ, మిల్లు గేటు నుంచి బోధన్ ఎంత దూరమో పటం మీద చూసి చెప్పండి."

పటం దేనికి? దారి పొడవునా మైలురాళ్లు ఉన్నాయి, తొమ్మిది మైళ్లు. అయినా చెప్పాడు కదా అని దారం పరిచాడు. పదకొండు అంగుళాలు దాటింది. దారం జారిందనుకుని మళ్లీ పరిచాడు. మళ్లీ పదకొండు దాటింది. తొమ్మిది మైళ్ల రోడ్డు పదకొండు అంగుళాలు ఎలా అవుతుంది?

పిన్నులు పీకి, మడిచిన అంచు విప్పాడు. ఒకటికి యాభై వేలు అని ఉంది. అంటే కాగితం మీద ఒక అంగుళం నేల మీద యాభై వేల అంగుళాలు. మైలుకు అరవై మూడు వేల మూడు వందల అరవై అంగుళాలు. పాత పటాలు ఆ లెక్కకు గీసినవి, అందుకే అంగుళానికి మైలు సరిపోయేది. ఈ పటంలో అంగుళం మైలు కాదు, ముప్పావు మైలుకు కాస్త ఎక్కువ, అంతే. ఎల్లాపూర్ పద్నాలుగు అంగుళాలను యాభై వేలతో హెచ్చవేసి, మైలు అంగుళాలతో భాగించాడు. పదకొండు మైళ్లు. పైన కొంచెం. రెండో వైపు నుంచీ సరిచూశాడు. అదే పటం మీద రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. దారం ముప్పై ఆరు సెంటీమీటర్లకు కాస్త తక్కువ, అంటే పద్దెనిమిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. తేడా లేదు.

వెంకట్రావు ముందుకు వెళ్లి చెప్పేశాడు. "వెళ్లి వాళ్లకి మీరే చెప్పండి. చెరకు తెమ్మనండి," అన్నాడు మేనేజరు.

సైకిలు తొక్కడం రానివాడు దేవిదాస్. ఖాళీ బండి ఎక్కి కాలువ దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచాడు. మంచి మాట మోసుకెళ్తున్నానని దారి పొడవునా తనకు తాను చెప్పుకున్నాడు. ఊరి బయట గానుగ ఆగి ఉంది. ఎడ్లు కాడి కింద ఊరికే నిలబడి ఉన్నాయి. పెనంలో రసం మాడుతున్న వాసన. ఇనుప రోలర్ల మధ్య చెరకు గడతోపాటు ఒక చీర చెంగు ఇరుక్కుని ఉంది. చెంగు చుట్టూ ఉన్నది రసం కాదు.

రాజలింగు భార్య హన్మవ్వ గానుగకు గడలు అందిస్తూ ఉండింది. నాలుగెకరాలు, ఇద్దరు మనుషులు, ఎన్నాళ్లుగానో కంటికి నిద్ర లేదు. కునుకు పట్టింది. చెయ్యి మోచేతి దాకా పోయింది. అప్పటికే ఆమెను బండిలో పడుకోబెట్టి, గుడ్డలు చుట్టారు. మిల్లులో డాక్టరు ఉన్నాడు. రాజలింగు తమ్ముడు చంద్రయ్య జీపు కోసం ముందే పరుగెత్తాడు. దేవిదాస్ బండి పక్కన నడిచాడు.

బాట ఎక్కడ వంపు తిరుగుతుందో అతనికి పిన్నుపిన్నుగా తెలుసు. వాగు దగ్గర ఒకటి, మోదుగు చెట్ల దగ్గర ఇంకొకటి. కాగితం మీద గోరంత వంపు, బండికి ఎంతకీ తరగడం లేదు. హన్మవ్వ ముందు నీళ్లడిగింది, తర్వాత అడగడం మానేసింది. గుడ్డలు మార్చినవి మార్చినట్టే తడుస్తున్నాయి.

"సారూ," అన్నాడు రాజలింగు, పగ్గం వదలకుండా. "పద్నాలుగు మైళ్లు పోవాలె. అప్పటిదాంక ఉంటదా ఇది?"

అబద్ధం చెబితే తన పరువు నిలుస్తుంది. నిజం చెబితే ఈ మనిషికి కాస్త ధైర్యం వస్తుంది.

"పద్నాలుగు కాదు రాజలింగూ. పదకొండే. సగం దాటినం. తోలు."

రాజలింగు ఎడ్లను అదిలించాడు. బండి వేగం అందుకుంది, దేవిదాస్ పక్కనే పరుగెత్తాడు. కొంత దూరం పోయాక అతను తల తిప్పి, భార్య ముఖం చూశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత పగ్గం లాగి బండి ఆపాడు. ఎదురుగా కాలువ గట్టు మీద జీపు దుమ్ము లేస్తోంది.

రాజలింగు ఏడవలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు దేవిదాస్‌ను చూశాడు.

"పదకొండైతే," అన్నాడు మెల్లగా, "నా చెరకు తీసుకునేటోళ్లే గద సారూ."